చేతులు ఖాళీ లేని లక్ష్మప్ప

మా పెద్దనాయన లక్ష్మప్ప చేతికి నలభై ఏళ్లుగా పగటిపూట కూర అంటలేదు. తిండి మానేశాడని కాదు. ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద ఆయన నేసేవి తెల్ల పంచెలు. వేలికి పసుపో కారమో అంటిందంటే, ఎంత కడిగినా పోగు మీద ఎక్కడో ఒకచోట మచ్చ తేలుతుంది. అందుకని మధ్యాహ్నమయ్యేసరికి మా పెద్దమ్మ హనుమంతమ్మ పళ్లెం పట్టుకుని వచ్చి గుంట అంచున కూర్చుంటుంది. ఆయన కాళ్లు గుంటలో తొక్కుడు కర్రల మీద ఉంటాయి. ఒక చేయి, అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె తాడు లాగుతుంటుంది, ఇంకో చేయి పోగును బిగించే పలకను కొడుతుంటుంది. నోరొక్కటే ఆమె వైపు తిరుగుతుంది. ఆమె జొన్నరొట్టె ముక్క తుంచి, వంకాయ కూరలో అద్ది, నోట్లో పెడుతుంది. ఆయన నమిలి మింగేలోపు నాలుగు పోగులు పడతాయి.

చిన్నప్పుడు నేను ఆ పళ్లెం పక్కనే కాపు కాసేవాణ్ణి. ఆయనకు రెండు ముక్కలు, నాకొకటి. మొత్తం ఎమ్మిగనూరులో ఆ కూరకు సాటి లేదు. దాని వాసనకు ఆలూరు వెళ్లాల్సిన బస్సు దారి తప్పి మా పెద్దనాయన వీధిలోకి వచ్చిన రోజుంది. డ్రైవరు రెండు రొట్టెలు తిని బస్సు వెనక్కి తిప్పుకున్నాడు. నమ్మకపోతే మానేయండి, కూర తినింది నేను, మీరు కాదు.

తినిపించడం అయ్యాక పెద్దమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. నాడెలో పెట్టే నూలు కండె అయిపోగానే ఇంకోటి అందించాలి. ఆమె చుట్టాలి, ఆయన నేయాలి. ఒకరు లేస్తే ఇంకొకరికి పని ఆగిపోతుంది. అందుకని ఇద్దరూ లేవరు, ఊరికే కూడా కూర్చోరు. పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఎవరి బర్రె ఈనింది, ఎవరి కోడలు అలిగింది, మొన్న చెప్పిన సంగతిలో నిన్న చెప్పడం మరిచిన ముక్క ఏది. పిల్లలు లేరు వాళ్లకు. మాటలే వాళ్ల సంతానం అనేది మా అమ్మ.

ఆ ఇంట్లోకి ఫోను తెచ్చింది నేను. ఆ పాపం నాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

నా పేరు మారుతి. ఇల్లు పెద్దకడుబూరు, ఫోన్ల అంగడి ఆదోనిలో. ఇంటర్ రెండో ఏడు సగంలో చదువుకు నేను సెలవిచ్చాను. కాలేజీ వాళ్లు బతిమాలారు, నేనే వినలేదు. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో పడి మూడు రోజులు నానిన ఫోనును నేను బాగు చేస్తే, ఆన్ కాగానే లోపలి నుంచి ఒక చేపపిల్ల బయటికి దూకింది. అటువంటి చేయి నాది. ఆ చేత్తోనే ఒక పాత పెద్ద ఫోనుకు కొత్త బ్యాటరీ వేసి, పెద్దనాయన మగ్గానికి ఎదురుగా చెక్క కొట్టి నిలబెట్టాను.

"ఇంగ నీకిష్టమైన నాటకాల పద్యాలన్నీ నీ ముందరికే వస్తాయి పెద్దనాయనా. ఒకటి అయిపోతానే ఇంగోటి దానంతటదే వస్తాది. నీ మనసులో ఏముందో దానికి తెలుస్తాది" అన్నాను గొప్పగా.

"నా మనసులో ఏముందో మీ పెద్దమ్మకే తెల్దు" అన్నాడాయన.

"నాకు తెల్సు. ఆకలి" అంది పెద్దమ్మ రాట్నం తిప్పుతూ.

మొదట్లో అంతా బాగానే నడిచింది. నాటకాల పద్యాలు మోగేవి. రాగం తీసేచోట ఆయన పలకను ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు. రెండు మూడు గంటలకోసారి వీడియో ఆగి, 'ఇంకా చూస్తున్నారా?' అని ఫోను అడిగేది. ఆయన చేతులు ఖాళీ ఉండవు కదా. "ఏమే, అదేందో అడుగుతాంది, నొక్కు" అనేవాడు. పెద్దమ్మకు చదువు రాదు. లేచి వచ్చి, మెరుస్తున్న చోట వేలు పెట్టి నొక్కి, మళ్లీ రాట్నం దగ్గరికి పోయేది.

ఒకరోజు పద్యం అయిపోయాక, ఏ దారిన వచ్చిందో, ఒక నేరాల వీడియో వచ్చింది. ఎక్కడో ఒక భార్య మొగుడికి అన్నంలో విషం పెట్టిందని కథ. వెనక ఢమఢమ మోత. గొంతు తగ్గించి, పెంచి, చెప్పేవాడు భలే చెప్పాడు. నేను, మీరు అయితే వేలితో పక్కకు తోసేసే వాళ్లం. ఆయన తోయలేడు. చివరిదాకా నడిచింది. ఆయన విన్నాడు. నిజం చెప్పాలంటే, కాస్త ఆసక్తిగానే విన్నాడు.

ఫోనులోపల ఎవరూ కూర్చుని లేరు. లోపలున్నది ఒక లెక్క. ఈ మనిషి దేన్ని మధ్యలో వదిలేశాడు, దేన్ని చివరిదాకా చూశాడు, ఇదే చూసిన మిగతా వేలమంది తర్వాత ఏం చూశారు, అదీ దాని పని. మంచిదా, చెడ్డదా, నిజమా, అబద్ధమా అని అడగదు. మగ్గం మీద మనిషి చేతులు ఖాళీ లేవని దానికి తెలియదు. 'ఈయన చివరిదాకా చూశాడు, ఈయనకు ఇది ఇష్టం' అనుకుంది. ఇంకోటి ఇచ్చింది. అదీ చివరిదాకా నడిచింది. పది రోజుల్లో పద్యాలు అడుగున పడిపోయాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే వరస. కాఫీలో కలిపిన భార్య, దిండుతో అదిమిన భార్య, తమ్ముడితో కలిసి బావిలో తోసిన భార్య.

మూడు గంటలకోసారి 'ఇంకా చూస్తున్నారా?' అని అడిగితే, అవునని నొక్కింది పెద్దమ్మే.

ఆయన మాట్లాడటం తగ్గించాడు. పడుగు పోగు తెగినా చూసుకోకుండా జానెడు నేసేశాడు. అంతకు ముందు నలభై ఏళ్లలో అది జరగలేదు. పెద్దమ్మ ఏదో చెప్పబోతే "ఉండు, ఇది అయిపోనీ" అనేవాడు. అది ఎప్పటికీ అయిపోదు కదా.

ఒక మధ్యాహ్నం ఆమె రొట్టె ముక్క నోటి దాకా తెస్తే ఆయన నోరు తెరవలేదు.

"ముందర నువ్వు తిను" అన్నాడు.

ఆమె నవ్వింది. ముద్దు చేస్తున్నాడనుకుంది. తిన్నది. మరుసటి రోజూ అదే మాట. ఆ మరుసటి రోజు ఆమె నమలడాన్ని ఆయన కళ్లు కొలుస్తున్నట్టు చూశాయి. అప్పుడు అర్థమైంది ఆమెకు. రోజూ ముందు తనే తిని, తర్వాత ఆయనకు పెట్టింది. అట్లా ఇరవై రోజులు.

ఇంతలో కొనుగోళ్ల యాప్ కూడా తోడైంది. ఒక ఆదివారం ఆయన ఫోనుకు నోటితో "అలమార తాళం" అని చెప్పాడు. అంతే, ఆ యాప్ తెరిస్తే చాలు, తాళాలే. ఇత్తడి తాళం, నంబర్ల తాళం, 'ఈ తాళం కొన్నవారు ఇవి కూడా కొన్నారు' అంటూ కింద కెమెరాలు. ఇంత మంది ఇన్ని కొంటున్నారంటే ఊరంతా ప్రమాదంలో ఉందనుకున్నాడు. ఒక తాళం, ఒక కెమెరా తెప్పించాడు. ఆ కెమెరా చూడ్డానికి బల్బులా ఉంటుంది, హోల్డర్‌లో పెడితే లోపల కన్ను. దాన్ని బిగించడానికి నన్నే పిలిచాడు.

"దొంగల భయమా పెద్దనాయనా? వంటింట్లో దొంగకు ఏం పని? వంకాయ కూరకు వస్తాడా?" అన్నాను.

"పెట్టరా సామీ, మాటలెక్కువ" అన్నాడు.

పెట్టాను. ఐదు నిమిషాల్లో. పైగా "ఆదోనిలో దీన్ని ఇంత తొందరగా బిగించేవాడు ఇంకొకడు లేడు" అని చెప్పి మరీ వచ్చాను.

ఆ కెమెరాలో చూడటమే కాదు, మాట్లాడటం కూడా ఉంటుంది. అది ఆయనకు తెలియదు. రెండో రోజు నూలు తడపడానికి మగ్గం దిగి, అరుగు మీద కూర్చుని, ఫోనులో వంటింటిని చూస్తున్నాడు. పెద్దమ్మ ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, గూట్లోంచి చిన్న సీసా తీసింది. ఆయన వేలు ఎక్కడ తగిలిందో గానీ, వంటింటి బల్బులోంచి గొంతు వచ్చింది:

"ఆ సీసాలో ఏముందే?"

పెద్దమ్మ చేతిలో పళ్లెం జారిపోయింది. తలెత్తి బల్బును చూసింది. గుమ్మంలోంచి అరుగు మీదున్న మొగుణ్ణి చూసింది. మళ్లీ బల్బును చూసింది.

"ఇంగువ" అంది బల్బుతో.

చేతులు కడుక్కుని, రెండు చీరలు సంచిలో పెట్టుకుని, చుట్టిన కండెలన్నీ మగ్గం పక్కన బుట్టలో పేర్చి, బస్సెక్కింది. నేరుగా పెద్దకడుబూరుకు, సొంత చెల్లెలైన మా అమ్మ జయమ్మ దగ్గరికి వచ్చేసింది.

ఆ సాయంత్రం నేను అంగడి నుంచి ఇల్లు చేరేసరికి ఇద్దరు అక్కాచెల్లెళ్లు శెనక్కాయలు ఒలుస్తున్నారు. చప్పుడు విని గుర్తుపట్టాను, కాయ పగలడంలోనే కోపం ఉంది.

"వచ్చినాడు సూడు మొనగాడు. బల్బులు బిగించేటోడు" అంది అమ్మ.

"నాకేం తెల్సమ్మా, దొంగలకనుకున్యా."

"దొంగను నేనేరా" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నలభై యేండ్లు నోట్లో పెట్టిన సెయ్యి ఇది. ఆయప్పకు జరమొచ్చినప్పుడు గంజి తాపింది ఈ సెయ్యే. ఇప్పుడు ఈ సెయ్యిని బల్బు కాపలా కాస్తాంది."

"నేను పోయి మాట్లాడతా పెద్దమ్మా. నేను మాట్లాడితే బండరాయి కూడా..."

"నువ్వు మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడే కదా ఆ ఫోను తెచ్చినావు." కాసేపు ఒలిచింది. "ఆయప్పే రావాల. వచ్చి, నేను ముందర తినకుండానే నా సేతి ముద్ద తినాల. అట్లయితేనే పోతా. లేకుంటే ఈడనే ఉంటా, మీ అమ్మతో పాటు సేన్లో పత్తి తీసుకుంటా."

పెద్దమ్మ అబద్ధం ఆడదు, బెదిరించదు. ఆ గుణం మా వంశంలో నాకు రాకుండా ఆమె దగ్గరే ఆగిపోయింది.

మూడో రోజు అంగడి మూసి ఎమ్మిగనూరు పోయాను. మగ్గం ఆగిపోయి ఉంది. బుట్టలో కండెలన్నీ అయిపోయి ఉత్త పుల్లలు మిగిలాయి. పెద్దనాయన గుంట అంచున కూర్చుని అరటిపండు తింటున్నాడు. పక్కన ఇంకో డజను, రెండు బన్ను ప్యాకెట్లు.

"ఏంది పెద్దనాయనా, కొండముచ్చు అయినావు?"

"తోలున్న పండులో ఎవరూ ఏం కలపలేరు" అన్నాడు, చాలా తెలివిగా.

నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. మూడు రోజులకే ఆయన మెడ ఎముకలు తేలాయి. ఎదురుగా చెక్క మీద ఫోను మోగుతూనే ఉంది, మేడ మీదినుంచి తోసిన భార్య గురించి. దాన్ని ఆపి కింద కూర్చున్నాను.

"పెద్దమ్మ నీకు ఇషం పెడతాదా?"

"మీ పెద్దమ్మ పెట్టదు." వెంటనే అన్నాడు. తర్వాత పండు తొక్క వైపు చూస్తూ, "ఆ వీడియోల్లో మొగుళ్లు కూడా అట్లనే అనుకుంటారురా. సచ్చేదాకా అట్లనే అనుకుంటారు. దేశమంతా ఇదే జరుగుతాంటే అబద్ధమెట్లయితాది?"

నా జేబులో రెండు ఫోన్లు ఉన్నాయి. ఒకటి నాది. ఇంకోటి అమ్మది, ఛార్జింగ్ పట్టడం లేదంటే ముందురోజే బాగు చేశాను. రెండూ తీసి, ఆయన ఫోను పక్కన వరసగా పెట్టాను. మూడింటిలోనూ అదే వీడియో యాప్, ఏమీ వెతకకుండా మొదటి పేజీ తెరిచాను.

"సూడు. ఇది నాది."

నా ఫోను నిండా చేపలు. మనిషంత చేప, పడవంత చేప, చేపతో కుస్తీ పడుతున్న మనిషి. సరదాకు ఒకప్పుడు నాలుగు చూశాను, అంతే.

"నా ఫోను సూస్తే దేశంలో మొగోళ్లంతా పని మానుకుని పెద్ద పెద్ద చేపలు పడతాండారు. ఇది అమ్మది."

అమ్మ ఫోను నిండా ఊరగాయలు. మాగాయ, నిమ్మకాయ, వెల్లుల్లి, చికెన్ పచ్చడి. జాడీ తర్వాత జాడీ.

"దీన్ని నమ్మితే దేశమంతా ఊరగాయే పెడతాండారు. అన్నం వండేటోళ్లే లేరు. ఇంగ నీది సూడు."

ఆయన మూడింటి మీదికీ వంగాడు. చేపలు, ఊరగాయలు, హంతకులు. చాలాసేపు చూశాడు. ముందు నా చేప మనిషిని చూసి నోరు వంకర పెట్టి నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"దేశం ఒకటే కదరా" అన్నాడు.

"ఒకటే. ఇంత పెద్ద దేశంలో అట్లాంటివి జరుగుతాయి, లేదనడం లేదు. కొన్ని కల్పించి చెప్పేటివి కూడా. యాడెక్కడివో అన్నీ ఏరుకొచ్చి ఒకేతూరి నీ గుంటలో పోస్తాంది ఇది. ఈ వీధిలో ఎంతమంది ఆడోళ్లు మొగుడికి ఇషం పెట్టినారు, నీకు తెలిసి?"

"ఒక్కరూ లేరు." ఆలోచించాడు. "మాదన్న పెండ్లాం సీపురుతో కొట్టింది. అది కూడా వాడే తెచ్చుకున్యాడు."

తర్వాత ఆయన ఫోనులో 'చూసిన చరిత్ర' తెరిచి చూపించాను. రోజువారీగా, వరసగా, ఏ వీడియో ఎంతవరకు చూశారో కింద ఎర్రగీత. అన్ని గీతలూ ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా ఉన్నాయి. వేలితో తోస్తూ పోయాను, తోస్తూ పోయాను, మొదటి పద్యం దగ్గరికి రావడానికి నా బొటనవేలు నొప్పి పుట్టింది.

"ఇన్ని నేనడిగినానా?"

"నువ్వడగలే. ఆపలే. నీ సేతులు ఖాళీ లేవు. అది దానికి తెల్దు, నీకు ఇష్టమనుకునింది. నువ్వేమో అది చూపిస్తాంది కాబట్టి లోకమే అట్లుందనుకున్యావు."

ఆయన తన చేతులను తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.

"మధ్యలో ఆగి అడిగేది కదరా అది, ఇంకా సూస్తాండారా అని" అన్నాడు మెల్లగా. "నొక్కింది ఆ పిచ్చిదే. నేను నొక్కమంటే వచ్చి నొక్కిపోయేది." అరటిపండు పక్కన పెట్టేశాడు. "దీన్ని పగలగొట్టు."

"పగలగొడితే నా అంగడి ఏం కావాల? కూర్చో. నీ వేలితోనే సేద్దాం."

మొదట ఒక్కో వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కించి, 'ఆసక్తి లేదు' అని చెప్పించాను. కొన్నిటికి 'ఈ ఛానెల్‌ను సిఫారసు చేయవద్దు' అని. ఆయన ఒక్కోదాన్ని నొక్కుతూ "పో" అన్నాడు. పది పోయాయి. పేజీ మళ్లీ తెరిస్తే ఇంకో పేరుతో ఇంకో నాలుగు వచ్చాయి.

"నీ పనితనం ఇంతేనా?" అన్నాడు.

నన్ను అంత మాట అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. "ఇదింతే పెద్దనాయనా, మూడు నెలల మేత తిన్యాది. పది మాటలకు మరిచిపోదు" అని, చూసిన చరిత్ర మొత్తం తుడిపించాను. వెతికిన చరిత్ర కూడా. ఇకమీదట రాసుకోవద్దని దాన్ని ఆపించాను. పేజీ తెరిచి చూస్తే తెల్లగా, ఖాళీగా ఉంది. ఆయన నేసిన పంచె లాగా.

"సచ్చిందా?"

"సావలే. నువ్వెవరో మరిచిపోయింది. పద్యాలు నువ్వే వెతికి, ఈ వరసలో పెట్టుకో. అయితే ఒకటి, వీడియో కింద ఏదో ఒకటి చూపిస్తానే ఉంటాది. చూపిచ్చినా దానంతటది మొదలు కాకుండా ఈడ ఆపుతాండా." తర్వాతి వీడియో తనంతట తానే నడిచే మీటను ఆయన వేలితోనే ఆపించాను. "ఇంగ పద్యం అయిపోతే గమ్మున కూర్చుంటాది. నువ్వు తాకేదాకా."

కొనుగోళ్ల యాప్‌లో చూసిన వస్తువుల జాబితాలోంచి తాళాలు, కెమెరాలు తీసేయించాను. కొన్న వాటిని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే చోటు కూడా ఉంది, అక్కడా నొక్కించాను. రోజుకు నాలుగుసార్లు టింగుమనే కబుర్లు ఆపేశాం. ఆఖరికి వంటింట్లో స్టూలు వేసుకుని ఆయనే ఎక్కి, బల్బు విప్పాడు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. తువ్వాలులో చుట్టుకున్నాడు.

"బస్సు ఎన్ని గంటలకురా?"

"నా బండుంది కదా."

"నీ బండి వద్దు. నేనే పోవాల."

నిజమే. ఆయన బస్సులో, నేను వెనకాలే బండి మీద. నా బండి వేగానికి బస్సు ఆగి దారిస్తుంది మామూలుగా. ఆ రోజు మాత్రం దాని వెనకే, దుమ్ము తింటూ వచ్చాను.

పెద్దకడుబూరులో మా గడప ముందు నిలబడి ఆయన లోపలికి రాలేదు. పెద్దమ్మ తలెత్తి చూసి, మళ్లీ శెనక్కాయలు ఒలిచింది.

"ఎవరో వచ్చినారు జయమ్మా, సూడు. బల్బులు అమ్మేటోళ్లేమో."

ఆయన తువ్వాలు విప్పి, బల్బును, అలమార తాళాన్ని, తాళం చెవిని గడప మీద వరసగా పెట్టాడు. ఏమైనా మాట్లాడతాడేమో అని నేను చూస్తున్నాను. దారి పొడుగునా ఏదో అనుకునే వచ్చి ఉంటాడు. చివరికి "కండెలు అయిపోయినాయి" అన్నాడు.

"కండెల కోసరమా వచ్చింది?"

"కాదు."

"మరి?"

"ఆకలయితాంది."

పెద్దమ్మ చేయి ఆగింది. లేచి లోపలికి పోయింది. పొయ్యి దగ్గర రొట్టె తట్టే చప్పుడు వినబడింది. అమ్మ నా వైపు చూసి నోరు తెరవొద్దని వేలు పెట్టింది. నేను నోరు మూసుకుని అంతసేపు ఉండటం అదే మొదలు, అదే ఆఖరు.

పళ్లెం వచ్చింది. రొట్టె, మీద ఎర్రకారం. ఆ ఎరుపు చూస్తేనే నా కళ్లలో నీళ్లొచ్చాయి. కావాలనే వేసింది. పెద్దమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, ముక్క తుంచి, కారంలో ముంచి, ఆయన నోటి దగ్గరికి కాకుండా తన నోటి దగ్గరికి ఎత్తింది.

"ముందర నేను తినాల గదా. అదేగదా నీ రూలు."

ఆయన చేయి లేచింది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ ముక్క ఆమె నోటికి చేరకముందే వేళ్లతో తీసుకుని తన నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చెవులు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. ఇంకో ముక్క తనే తుంచాడు, తనే ముంచాడు, తిన్నాడు. కారం ఆయన వేళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా కారింది.

"ఎట్లుంది?" అంది పెద్దమ్మ.

"బాగుంది."

"అబద్దం. నాలుగు పిడికిళ్లు ఏసినా."

"ఎనిమిది ఎయ్యి."

ఆమె ఆయన చేతిని చూసింది. అప్పుడు గమనించినట్టుంది. "యో, సేతికి కారమయింది. మగ్గం ఎట్లెక్కుతావు? తెల్ల పంచె గదా."

"రెండు దినాలు ఎక్కను పో" అన్నాడు. కళ్లు కారుతున్నాయి. కారం ఎక్కువైందని మేమందరం అనుకున్నాం. అట్లా అనుకోవడమే మర్యాద.

పెద్దమ్మ కొంగుతో ఆయన చేయి తుడిచింది. తర్వాత ఒక ముక్క తుంచి, ఈసారి కారం విదిలించేసి, ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరిచాడు. ఆమె ముందు తినలేదు.

పది రోజుల తర్వాత ఎమ్మిగనూరు పోయాను, ఫోను ఎట్లా నడుస్తోందో చూద్దామని. కూర కోసం కాదు. మగ్గం ఆడుతోంది. చెక్క మీద ఫోనులో ఎవరో రాగం లాగుతున్నారు. పెద్దమ్మ కండెలు చుడుతోంది. పద్యం అయిపోయింది. తెర మీద ఇంకేవో బొమ్మలు వచ్చి నిలబడ్డాయి, పిలుపు కోసం వాకిట్లో నిలబడ్డ చుట్టాల్లాగా. ఏదీ లోపలికి రాలేదు. పలక చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఇంగోటి పెట్టాలనా?" అంది పెద్దమ్మ, లేవబోతూ.

"పెడుదువులే. మాదన్న పెండ్లాం సంగతి సగంలో ఆపితివి కదా పొద్దున. సీపురు తీసుకునింది, ఆ మీదట?"

"ఆ మీదటనా?" పెద్దమ్మ మళ్లీ కూర్చుని, రాట్నం తిప్పుతూ గొంతు సవరించుకుంది. "ఆయప్ప మిద్దె ఎక్కినాడంట. ఈయమ్మ నిచ్చెన తీసేసిందంట..."

నేను పళ్లెం పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను. ఫోను తెర కాసేపు వెలిగి, ఎవరూ తాకకపోయేసరికి దానంతటదే ఆరిపోయింది. మాదన్న దిగాడో లేదో తెలిసేసరికి రెండు కండెలు అయిపోయాయి, నా వాటా రొట్టె చల్లారిపోయింది.